కమలక్క కుదిర్చిన పాట

పోయిన వారం నల్లగొండలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాలు ఇంకా మొదలుకాలేదు. షామియానా గుడ్డలోంచి జారిన ఎండ అందరి మొహాల మీదా పసుపు రాసినట్టు పడుతోంది. ఎవరో మైకు ఆన్ చేశారు. మాట రాకముందు ఆ స్పీకరు డబ్బాల్లోంచి సన్నగా ఒక గాలి చప్పుడు వస్తుంది. వానకు ముందు దూరపు చేలల్లోంచి వచ్చే చప్పుడులా ఉంటుంది. అది వినగానే నా కుడిచేయి దానంతటదే గదవ దగ్గరికి వెళ్ళింది. నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి, పెదవులకూ కనిపించని మైకుకూ మధ్య దూరం కొలుచుకున్నాను. పక్కన కూర్చున్న నరేందర్ అది చూసి, "కమలక్క యాదికొచ్చిందా?" అన్నాడు. నేను తలూపాను. మా ఇద్దరికీ పెళ్ళి చేసింది పెద్దవాళ్ళు. మాకు కాపురం నేర్పింది మాత్రం కమలక్క. ఆమె దానికోసం చెప్పిన నీతి ఒక్కటీ లేదు. మాకు ఒక పాట నేర్పింది, అంతే.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేము పాలమూరులో రైల్వే గేటు అవతల ఆమె ఇంటి పై వాటాలో కిరాయికి దిగాం. నరేందర్ విత్తనాల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసేవాడు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. కమలక్కకు అప్పటికి యాభై దాటాయి. పొట్టి మనిషి, నుదుట పెద్ద బొట్టు, కొంచెం బొంగురు కలిసిన గొంతు. గద్వాల నుంచి దేవరకొండ దాకా పెళ్ళిళ్ళలో, వినాయక మండపాల దగ్గర ఇరవై ఏళ్ళపాటు ఆర్కెస్ట్రాలో పాడింది. యుగళగీతాల్లో ఆడగొంతు ఆమెదే. ఆమె భర్త రాములన్న అదే ఆర్కెస్ట్రాకు మైకులు చూసేవాడు. ఆర్కెస్ట్రా మూతపడ్డాక ఆ మైకులూ డబ్బాలూ ఆయనే కొనుక్కుని ఫంక్షన్లకు కిరాయికి ఇచ్చేవాడు. వాళ్ళ ముందుగది నిండా వైర్ల చుట్టలు, నల్ల డబ్బాలు ఉండేవి. ఆ గదిలో ఎప్పుడూ వేడెక్కిన రబ్బరు వాసన, దాని వెనకనుంచి అగరొత్తుల వాసన వచ్చేవి.

మేము ఆ ఇంటికి వచ్చిన రెండో ఏడు నాకు ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్ల. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు నరేందర్ నన్ను మంచం మీద పడుకోబెట్టి, కిటికీ రెక్క దగ్గరికి వేసి, బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. తరువాత కూడా ఏడవలేదు. నేను ఏడ్చినప్పుడు లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. ఆ నీళ్ళ గ్లాసు చూస్తే నాకు కోపం వచ్చేది. నాకు కావలసింది నీళ్ళు కాదని ఈ మనిషికి ఎట్లా చెప్పాలో తెలిసేది కాదు. తిన్నవా, తిన్న, పోతున్న, వస్త... ఈ నాలుగు మాటలతో మా ఇంట్లో ఎనిమిది నెలలు గడిచాయి.

అప్పుడు హుజూర్‌నగర్ నుంచి మా ఆడబిడ్డ కవిత ఫోన్ చేసింది. ఆమె కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్, బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుక. "వదినా, అన్న, నువ్వు కలిసి ఒక పాట పాడాలె. మీ పెండ్లిల అన్న పాడిండు గదా, మస్తుండె. ఈసారి ఇద్దరు పాడుండ్రి. నాకు గదే కట్నం," అంది. కవిత మనసులో ఏ వంకరా లేదని నాకు తెలుసు. ఆ ఇంట్లో నన్నొక పక్కన కూర్చోబెడతారని భయపడి, ముందే నాకొక చోటు చేసిపెడుతోందేమో కూడా. అయినా చూద్దాంలే అని పెట్టేశాను. ఆ మాట నరేందర్‌కు చెప్పి, "నేను పాడలేను. నువ్వు పోయి రా," అన్నాను.

మరునాటి సాయంత్రం బడి నుంచి వస్తే కింద వరండాలో నరేందర్ చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కమలక్క, ఆమె ముందు పాత హార్మోనియం. నన్ను చూసి అక్క పక్కకు జరిగి చాప మీద జాగా చేసింది. "తమ్మి వచ్చి అడిగిండు, ఒక పాట నేర్పమని. ఒక్కని గొంతు పట్టుకోని రెండు గొంతుల పాట ఎట్ల నేర్పుత? కూసో శైలా," అంది. నేను బడి సంచీ దింపకుండానే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. నా భర్త ఎనిమిది నెలల్లో మొదటిసారి ఎవరినో ఏదో అడిగాడు. అడిగినది నా కోసమా, తన కోసమా అన్నది అప్పుడు నాకు తెలియలేదు.

అక్క వెంటనే పాట ఎత్తుకోలేదు. నరేందర్‌ను ఊరికే 'ఆ' అనమంది. హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే కిందికి దిగుతూ, గొంతు ఎక్కడ గాలిగా మారుతుందో చూసింది. మళ్ళీ పైకి ఎక్కుతూ, మెడ నరం ఎక్కడ ఉబ్బుతుందో చూసింది. తరువాత నన్ను. చాక్‌పీసుతో హార్మోనియం చెక్క మీద రెండు గీతలు అతనివి, రెండు గీతలు నావి పెట్టింది. రెండింటికీ ఉమ్మడిగా పడిన జాగా జానెడు కన్నా తక్కువ. "గిదీ మీ ఇద్దరిది," అంది ఆ జాగా మీద అరచెయ్యి పరిచి. "ఈ జాగల నడిచే పాట దొరకాలె మనకు. దీన్ని దాటిపోయే పాట ఎంత మంచిదైనా మనది గాదు."

పాట వెతకడానికే నాలుగు సాయంత్రాలు పట్టింది. నేను చెప్పిన మొదటి పాట నాకు చాలా ఇష్టం. అక్క విని తల అడ్డంగా ఊపింది. "చరణంల గొంతు ఎగిరి దుంకుతది. ఇంట్ల అయితే దుంకుతరు. నలుగురి ముంగట నిలబడితే భయానికి గొంతు రెండు మెట్లు ఎండిపోతది. ఇంట్ల సులువు అనిపించిందే ఆడ పాడాలె." నరేందర్ చెప్పిన పాటలో మాటలు మరీ గబగబా ఉన్నాయి, ఊపిరి తీసుకునే సందు లేదు. మరొకటి పల్లవి తీయగా ఉంది కానీ లోపల సరసం ఎక్కువ. "మీ మామ ముంగట ఈ లైను ఎవరు పాడుతరు, నువ్వా, తమ్ముడా?" అని అక్క అడిగితే నరేందర్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు నవ్వొచ్చింది. నవ్వాక, నవ్వినందుకు లోపల ఏదో గుచ్చుకుంది.

చివరికి కుదిరింది ఒక పాత పాట. పేరు అక్కరలేదు, అలాంటివి మన భాషలో చాలా ఉన్నాయి. వెన్నెల, పడవ, నెమ్మదైన గాలి. ఆరు మాత్రల ఊపు, తొట్టె ఊగినట్టే ఉంటుంది. లైన్లు చిన్నవి. ఒకరు ఒక లైను పాడితే రెండోవారు అదే వరుసలో ఇంకో లైను పాడతారు, అందుకని ఒకరు నేర్చుకుంటే ఇద్దరికీ వచ్చినట్టే. మధ్యలో మాటలు లేని చిన్న కూనిరాగం. అక్క మా చేత ముందు పాట పాడించలేదు, చదివించింది. పల్లవి నుంచి చివరి మాట దాకా గట్టిగా. "మస్తుమంది పల్లవి ఒక్కటే జూసుకోని పాడుతరు. శుభకార్యంల నిలబడి రెండో చరణంల ఎడబాటు పాడుతుంటరు, వాళ్ళకే తెల్వదు." ఈ పాటలోనూ రెండో చరణంలో విడిపోయే మాట ఒకటి ఉంది. అక్క ఆ కాగితం మీద రెండో చరణాన్ని అడ్డంగా కొట్టేసి, "ఒక్క చరణం చాలు. రెండున్నర నిమిషాలు. ఇంక జర పాడితే బాగుండు అనుకునే కాడ ఆపాలె," అంది. బిడ్డ సంగతి ఆమె ఒక్కనాడు కూడా నా దగ్గర ఎత్తలేదు. ఆ కొట్టివేత ఎవరి కోసమో నాకు చాలా రోజుల తరువాత తట్టింది.

అసలు చిక్కు శ్రుతి దగ్గర వచ్చింది. సినిమాలో పాడిన శ్రుతికి నా గొంతు హాయిగా సరిపోయేది. నరేందర్ చరణం దగ్గరికి వచ్చేసరికి అరిచేవాడు. అక్క మూడు మెట్లు దించి చూసింది. అతని మొహం విప్పుకుంది. కానీ చరణం మొదట్లో నా గొంతు బావిలోకి దిగినట్టు అయి, మాట గాలిగా పోయింది. "నాకు ఆడ పలకది అక్కా. నాకు వచ్చే పాటను రాకుంట చేస్తున్నవు," అన్నాను. నా గొంతులో పాట కన్నా పెద్దదేదో పలికింది. నరేందర్ లేచి, "నేను వద్దులే. ఆమెనే పాడనియ్యి," అన్నాడు.

"కూసో," అంది అక్క. అంత మెల్లగా అన్నా ఇద్దరం కదలలేదు. "మైకు దొరికితే ఎవరి మటుకు వాళ్ళు పాడుకోవచ్చు. ఇది గట్ల గాదు. ఇద్దరికీ కొంచెం కష్టం, ఇద్దరికీ కొంచెం సుఖం ఉన్న మెట్టు ఒకటి ఉంటది. దొరికేదాంక వెతకాలె." మూడుకు బదులు రెండు మెట్లు దించింది. సినిమాలో అతనిదైన ఒక్క ఎత్తు లైను నాకు ఇచ్చింది. నాదైన లోతు లైను ఒకటి అతనికి ఇచ్చింది. "సినిమాల ఎవరు పాడిన్రో మనకేం పని? గొంతును బట్టి పంచుకోవాలె." కాగితం మీద అతని లైన్లు ఎర్ర సిరాతో, నావి నీలం సిరాతో, ఇద్దరివీ ఆకుపచ్చతో రాసింది. అక్షరాలు బడి బోర్డు మీద రాసినంత పెద్దవి. చేతులు వణికినా కనిపించాలని.

ఆ రోజుల్లో సాయంత్రం అనేది మాకు మళ్ళీ వచ్చింది. ఆరున్నరకు గేటు దగ్గర రైలు వెళ్ళేది. అది పోయేదాకా అక్క హార్మోనియం తిత్తి మూసి కళ్ళు మూసుకునేది. తరువాత నెమ్మదిగా ఒకే మెట్టు నొక్కి ఉంచేది, దాని మీద మేము కూనిరాగం తీసేవాళ్ళం. వరండా గచ్చు మీద నీళ్ళు చల్లిన వాసన, ఎక్కడో జొన్నరొట్టెలు తట్టే చప్పుడు, మా ఇద్దరి గొంతులు ఒకదానికొకటి తగిలీ తగలక తేలడం. ఎవరిది ఏదో కాసేపు తెలిసేది కాదు. ఒక్కోసారి నా గొంతు నాకు బయటినుంచి వినిపించేది, కలలో మన ఇంటిని మనమే దూరం నుంచి చూసినట్టు.

ఊపిరి గురించి అక్క చెప్పినదే నాకు అన్నిటికన్నా కష్టమైంది. నరేందర్ లైను అయిపోయాక నేను గాలి పీల్చి అందుకునేదాన్ని. అంతలో తాళం ముందుకు పోయేది. "ఆయన ఆపినంక పీలిస్తే ఆలస్యం అయితది. ఆయన చివరి అక్షరం ఇంకా నోట్ల ఉండంగనే నువ్వు పీల్చాలె. దానికి ఏం జెయ్యాలె? ఆయన పాట ఇనాలె. నువ్వు నీ లైను మనసుల అనుకుంట నిలబడుతున్నవు. తమ్మి కూడ గంతే. ఇద్దరు నిలబడి ఎవరిది వాళ్ళు అప్పజెప్తున్నరు," అంది. ఆ రాత్రి కాగితం చూడకుండా నేను ఒక్క పని మాత్రమే చేశాను. నరేందర్ పాడుతుంటే విన్నాను. అతని గొంతు లైను చివరికి వచ్చేసరికి సన్నగా వణుకుతుందని, దాన్ని దాచడానికి అతడు కొంచెం ముందే ఆపేస్తాడని నాకు పెళ్ళయిన నాలుగేళ్ళకు తెలిసింది.

ఆఖరి వారం రాములన్న చేరాడు. తన పాత కంప్యూటర్‌లో ఆ పాట సంగీతం ట్రాకు తెరిచి, రెండు మెట్లు దించి, రెండో చరణం కోసి, తబలా దెబ్బ మీద అతుకు పడేటట్టు కలిపాడు. ఎంత విన్నా ఆ అతుకు నాకు దొరకలేదు. "వైరు లేని డబ్బాల పెట్టొద్దు, సంగీతం జర ఆలస్యంగ వస్తది, మీరు ముందు పోతరు. వైరు పెట్టి ఇయ్యుమని అడుగుండ్రి. ఫోను విమానం గుర్తు మీద పెట్టుండ్రి, లేకుంటే నడుమ ఎవరో ఒకరు ఫోన్ జేస్తరు. డబ్బాకు ఎదురుంగ నిలబడొద్దు, కూత పెడ్తది," అని ఒకటొకటిగా చెప్పాడు. మైకు పెదవులకు నాలుగు వేళ్ళ దూరం. లోతు మాటకు రెండు వేళ్ళ దాకా దగ్గరకు తేవాలి, ఎత్తు మాటకు గదవ కిందికి జరపాలి. మైకు తలను పిడికిలితో మూయకూడదు. వేణువు ఆగినాక తబలా ఒక ఆవర్తం, ఆరు లెక్క, తరువాత నరేందర్ ఎత్తుకోవాలి. అతడు మరిచిపోతాడేమోనని నేను కాలి బొటనవేలితో లెక్క వేసి చూపించాలి.

ఆ పని నడుస్తుండగా నేను ఊరికే అడిగాను, "అక్కా, నువ్వు, అన్న ఎప్పుడన్న కలిసి పాడిన్రా?" అక్క పకపకా నవ్వింది. "మీ అన్నకు శ్రుతి లేదు, తాళం లేదు. ఇరవై ఏండ్ల పొద్దు ఎవరెవరి పక్కననో నిలబడి ప్రేమ పాటలు పాడిన. గా ఎదురుంగ కుర్చీల ఈయన కూసునేది, చెయ్యి నా మైకు బటన్ మీద వెట్టి. నా గొంతు బాగలేని దినం నేను జెప్పకముందే తెలుస్తుండె. జర ఎక్కువ ఇస్తుండె, జర గుంజుతుండె. జనం కమల మస్తు పాడింది అంటుండ్రి." రాములన్న తల ఎత్తకుండా వైరు చుడుతూ, "జనానికేం తెలుసు," అన్నాడు. ఆ ఇద్దరి మధ్య ఆ గదిలో కాసేపు ఏదో మెరిసినట్టు ఉండి ఆరిపోయింది. నేను నరేందర్ వైపు చూశాను. అతడు నా వైపే చూస్తున్నాడు.

దేవరకొండ మీదుగా బస్సులో హుజూర్‌నగర్ వెళ్ళాం. పందిరి కింద తొట్టెకు బంతిపూలు చుట్టారు. బిడ్డను తొట్టెలో వెయ్యాల్సింది మేనమామ, అంటే నరేందర్. కవిత లోపలినుంచి పిల్లవాణ్ణి తెచ్చి, దారిలో నా చేతికి ఇవ్వబోయింది. దూరపు చుట్టం ఒకావిడ, "ఆమె చేతికొద్దు బిడ్డా, మేనమామకే ఇయ్యి," అంది. గట్టిగా కూడా అనలేదు. నేను చేతులు వెనక్కి తీసుకుని కొంగు సర్దుకున్నాను. అత్తమ్మ విన్నది, హారతి పళ్ళెం వైపు తిరిగింది. నరేందర్ కూడా విన్నాడు. అతడు పిల్లవాణ్ణి తీసుకుని, మెడ కింద అరచెయ్యి పెట్టి, తొట్టెలోకి ఎంత మెల్లగా దించాడంటే, దించిన తరువాత కూడా చేతులు అక్కడే ఉండిపోయాయి. పక్కనున్నవాళ్ళు అన్నా అని పిలిచాక తీశాడు.

పేరు పెట్టడం అయ్యాక కవిత మా చేతికి మైకులు ఇచ్చింది. డబ్బాకు వైరు పెట్టించాను. ఫోను చూసుకున్నాను. వేణువు మొదలైంది. వేణువు ఆగింది. నా బొటనవేలు ఆరు లెక్కపెట్టింది. నరేందర్ ఎత్తుకున్నాడు. నేను అతని చివరి అక్షరంలో గాలి తీసుకుని అందుకున్నాను. పల్లవి నడిచింది. జనం మాటలు ఒక్కటొక్కటే ఆగిపోవడం నాకు తెలుస్తోంది. నేను చరణంలోని ఎత్తు లైను కోసం లోపల సిద్ధపడుతున్నాను.

చరణం మొదటి లైను నరేందర్‌ది, అక్క అతనికి ఇచ్చిన ఆ లోతు లైను. రెండు మాటలు పాడాడు. మూడో మాట రాలేదు. తిరిగి చూశాను. మైకు నోటి దగ్గరే ఉంది, పెదవులు తెరిచి ఉన్నాయి, కళ్ళు తొట్టె మీద ఉన్నాయి. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా అతనికి తెలియడం లేదు. తబలా నడిచిపోతోంది. ఆ క్షణంలో నాకు ఒక్కటే వినిపించింది. ఎనిమిది నెలలుగా అతడు దాచిన, లైను చివర ముందే ఆపేసిన ఆ వణుకు.

ఆ లైను నా గొంతుకు పలకదని నేను గొడవ చేసిన చోటు అది. మైకును రెండు వేళ్ళ దూరానికి తెచ్చుకుని, అతడు ఆగిన మాట నుంచి అందుకున్నాను. పాట ఇద్దరికీ ఒకే మెట్ల మీద ఉంది కాబట్టి, అతని గొంతు ఉన్న చోటికే నా గొంతు దిగింది. సగం మాట, సగం గాలి. అంతకన్నా గట్టిగా పాడితే బిడ్డ లేచేవాడేమో. లైను అయిపోయాక నాదైన ఎత్తు లైను కూడా నేనే పాడాను, గదవ కిందికి మైకు జరిపి. ఎడమచేయి ఎప్పుడు అతని చేతిని పట్టుకుందో తెలియదు. కూనిరాగం దగ్గర అతడు తిరిగి వచ్చాడు. బొంగురుగా, కొంచెం శ్రుతి తప్పి, కానీ వచ్చాడు. ఆఖరి పల్లవి ఇద్దరం కలిసి పాడాం.

మామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. కొంతసేపటికి అత్తమ్మ తొట్టెలోంచి పిల్లవాణ్ణి ఎత్తుకుని, ఆ దూరపు చుట్టం కూర్చున్న వరుస ముందు నుంచే నడిచి వచ్చి, "జర పట్టుకో శైలా, అన్నాలు జూసొస్త," అని నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. బువ్వలు చూడటానికి అక్కడ పదిమంది ఉన్నారు. ఆమె చాలాసేపు రాలేదు.

తిరుగు బస్సులో నరేందర్ కిటికీ వైపు కూర్చున్నాడు. దేవరకొండ గుట్టలు దాటుతుండగా, "నేను పేరు అనుకున్న. నీకు చెప్పలే," అన్నాడు. ఆ పేరు చెప్పాడు. అది నేను ఇక్కడ రాయను. దవాఖానలో బిడ్డను చూసింది అతడొక్కడే. ఎట్లా ఉండేదో ఆ రోజు నాకు చెప్పాడు. జుట్టు, చెవులు, మూసిన పిడికిలి. కల్వకుర్తి వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. నేను ఒక్క మాట కూడా అడ్డు రాలేదు. బస్సు ఊగుతుంటే బయట పత్తి చేలు, మొరం దిబ్బలు, మేకల మందలు నిద్రలోలా వెనక్కి జారిపోయాయి.

ఇంటికొచ్చి అక్కకు అంతా చెప్పాను. చప్పట్లు కొట్టిన్రా అని ఆమె అడగలేదు. "ఎత్తు లైనుకు ఊపిరి సరిపోయిందా?" అంది. సరిపోయిందన్నాను. "గట్లనే," అని లోపలికి వెళ్ళి రెండు గిన్నెల్లో పాయసం తెచ్చింది. రాములన్న మాత్రం నరేందర్ భుజం మీద చెయ్యి వేసి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మేము నల్లగొండకు బదిలీ మీద వచ్చి ఏళ్ళయింది. మాకు పిల్లలు కలగలేదు. అందుకు బాధపడిన రోజులు ఉన్నాయి, వాటిని ఇద్దరం కలిసే గడిపాం. చుట్టాలలో ఎవరి ఫంక్షన్ అయినా మమ్మల్ని పాడమంటారు, పాడుతాం. ఇప్పటికి పదిహేను పాటలు కుదిరాయి.

రెండేళ్ళ కింద అక్కకు గొంతు దగ్గర గడ్డ లేచింది. ఆపరేషన్ తరువాత మాట గుసగుసగా మిగిలింది. చూడటానికి పాలమూరు వెళ్ళాం. మధ్యాహ్నం, కిటికీ పరదా మెల్లగా కదులుతోంది. మంచం మీద ఆమె చాలా చిన్నగా కనిపించింది. ఏదైనా పాడమంటుందేమోనని నేను లోపల శ్రుతి వెతుక్కుంటున్నాను. నరేందర్ అడిగాడు, "పాట పాడాల్నా అక్కా?" ఆమె వద్దని చెయ్యి ఊపి, దగ్గరికి రమ్మని సైగ చేసి, గుసగుసగా అంది: "ఊకె మాట్లాడుకోండ్రి. ఇంట్ల మాట్లాడుకుంటరు సూడు, గట్ల. నేను వింట."

కాసేపు సిగ్గుపడ్డాం. చివరికి నేను, పొద్దున గ్యాస్ కట్టేశావా అని అడిగాను. కట్టేశానన్నాడు. లేదు, పాలగిన్నె దించి వదిలేశావన్నాను. పాలగిన్నె దించింది నువ్వే అన్నాడు. అక్కడి నుంచి పాలవాడు, పాలవాడి నుంచి వీధి కుక్క, కుక్క నుంచి మేడ మీది నీళ్ళ ట్యాంకు. రాములన్న గడప దగ్గర కూర్చుని నవ్వుకుంటున్నాడు. అక్క కళ్ళు మూసుకుని వింది. ఆమె వేళ్ళు దుప్పటి మీద మెల్లగా కదులుతున్నాయి. మేము ఆగినప్పుడల్లా కళ్ళు తెరవకుండానే ఇంకా అన్నట్టు చెయ్యి ఆడించింది. అలా అరగంట మాట్లాడి, ఆమె నిద్రపోయిందని తెలుసుకుని లేచాం. మరుసటి నెల ఆమె పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే ఏదో ఒక గొడవ ఉంటుంది. చెప్పుల గురించి, చెట్నీలో ఉప్పు గురించి, దొరకని తాళంచెవి గురించి. అలా మాట్లాడుకుంటున్న మధ్యలో, ఒక్కోసారి, నేను నోటి దగ్గర మాటను ఆపి వింటాను. అతని గొంతు వంటింట్లోంచి వస్తుంది, దాని వెనక నా గొంతు ఇంకా గాలిలో ఉంటుంది. కమలక్క ఆ మధ్యాహ్నం కళ్ళు మూసుకుని ఏం విన్నదో అప్పుడు నాకూ వినిపిస్తుంది. నరేందర్ తల బయటికి పెట్టి, "ఏమైంది, మాట్లాడుతలేవు?" అంటాడు. ఏం లేదు, చెప్పు, వింటున్న అంటాను.